కమీ త్రీ నుంచి జీఎం దాకా: హోటల్ ఉద్యోగంలో మెట్లు ఎన్ని, ఎక్కడ ఆగిపోతారు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. విశాఖ, తిరుపతి, హైదరాబాద్‌లలో కొత్త హోటళ్ల గురించి తరచూ వింటున్నాం. ఇంటర్ ఫలితాలు రాగానే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల ప్రకటనలూ అంతే జోరుగా మొదలవుతాయి. ప్రకటనలో కోటు వేసుకున్న మేనేజర్ బొమ్మ ఉంటుంది. చేరిన పిల్లలు మొదటి నెలల్లో చేసేది మాత్రం ఉల్లిపాయలు తరగడం, లాబీలో సూట్‌కేసులు మోయడం, రోజుకు పన్నెండు పదిహేను గదుల్లో దుప్పట్లు మార్చడం. ఆ బొమ్మకూ ఈ పనికీ మధ్య ఉన్న దారి ఎలా ఉంటుందో కాలేజీవాళ్లు చెప్పరు, ఇంట్లోవాళ్లకు తెలీదు. "వంటవాడిగా చేరితే జన్మంతా వంటవాడేనా?" అని ఒకరు అడిగితే, "మూడేళ్లు చదివితే మేనేజర్ అయిపోతాడటగా" అని ఇంకొకరు అంటారు. రెండూ తప్పే.

## ఒకే కప్పు కింద రెండు నిచ్చెనలు

వంద గదులు దాటిన హోటల్లో పని ప్రధానంగా నాలుగు విభాగాల్లో నడుస్తుంది. అతిథిని ఆహ్వానించి, గది ఇచ్చి, బిల్లు వసూలు చేసేది ఫ్రంట్ ఆఫీసు. గదులను శుభ్రంగా ఉంచేది హౌస్‌కీపింగ్. వండేది కిచెన్, అంటే పుస్తకాల భాషలో ఫుడ్ ప్రొడక్షన్. వండినదాన్ని రెస్టారెంట్లో, బాంకెట్ హాల్లో, గదుల్లో వడ్డించేది ఎఫ్ అండ్ బీ సర్వీస్, అంటే ఫుడ్ అండ్ బెవరేజ్. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో ప్రధానంగా నేర్పేవీ ఈ నాలుగే. సేల్స్, అకౌంట్స్, ఇంజినీరింగ్, సెక్యూరిటీ వీటి పక్కన ఉంటాయి.

పైకి వెళ్లేకొద్దీ ఈ నాలుగూ రెండు గుంపులవుతాయి. ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్ కలిసి గదుల వైపు. కిచెన్, సర్వీస్ కలిసి ఆహారం వైపు. ఈ రెండూ వెళ్లి కలిసేచోట జనరల్ మేనేజర్, అందరూ పిలిచే పేరుతో చెప్పాలంటే జీఎం ఉంటాడు. ఆయన కింద ఆపరేషన్స్ మేనేజర్ లాంటి మెట్టు ఒకటో రెండో ఉండొచ్చు. కాబట్టి ఎవరైనా "హోటల్లో ప్రమోషన్లు త్వరగా వస్తాయి" అన్నా, "అసలు రావు" అన్నా, ఏ వైపు నుంచి ఎక్కినవాళ్ల మాట అది అని ముందు అడగాలి.

## వంటగదిలో చేతిపని మెట్లు

వంటగది హోదాల పేర్లు ఫ్రెంచి నుంచి వచ్చాయి. ఎస్కోఫియే అనే ఫ్రెంచి షెఫ్ పెద్ద హోటళ్ల వంటగదిని సైన్యంలాగా దళాలుగా విడగొట్టాడు. అదే పద్ధతి మన హోటళ్లలోనూ నడుస్తోంది. అడుగున కమీ త్రీ, కమీ అంటే సహాయక వంటవాడు. ఆపైన కమీ టూ, కమీ వన్. తరువాత డిసిడిపి, అంటే డెమీ షెఫ్ ద పార్టీ. దానిపైన సిడిపి, అంటే షెఫ్ ద పార్టీ. ఆపైన సూ షెఫ్, చివర ఎగ్జిక్యూటివ్ షెఫ్. పెద్ద హోటళ్లలో జూనియర్ సూ షెఫ్, ఎగ్జిక్యూటివ్ సూ షెఫ్ అని మధ్యలో ఇంకో రెండు మెట్లు వేస్తారు.

కమీ త్రీ చేసేది తరగడం, ఒలవడం, స్టోర్ నుంచి సరుకు మోసుకురావడం, పూటకు కావలసినవన్నీ ముందే సిద్ధం చేసి పెట్టడం. కమీ వన్ అయ్యేసరికి పొయ్యి దగ్గర నిలబడి, వచ్చిన ఆర్డరుకు వంటకం తీసి ఇవ్వగలగాలి. సిడిపికి ఒక సెక్షన్ మొత్తం సొంతం. ఇండియన్ కర్రీ, తందూర్, చైనీస్, కాంటినెంటల్, సలాడ్లూ చల్లటి వంటకాలూ చేసే గార్డ్ మాంజే, బేకరీ, వీటిలో ఏదో ఒకటి. ఆ సెక్షన్లో మనుషులు, సరుకు, రుచి మూడింటికీ అతనిదే బాధ్యత. చురుగ్గా ఉన్నవాళ్లు సాధారణంగా ఐదారేళ్లలో ఇక్కడికి చేరుతారు.

ఇక్కడివరకూ ఎదుగుదల చేతి మీద ఆధారపడుతుంది. ఉద్యోగం మారేటప్పుడు ఇంటర్వ్యూ కంటే ఫుడ్ ట్రయల్‌కే విలువ ఎక్కువ. సరుకు బల్లమీద పెట్టి, ఇన్ని వంటకాలు ఇంత టైములో చెయ్యమంటారు. సర్టిఫికెట్ ఏదైనా చెయ్యి తిరిగినవాడు గెలుస్తాడు. అందుకే పదో తరగతి చదివిన మంచి తందూరీ వంటవాడు, డిగ్రీ చదివిన కుర్రాడి కంటే ముందే సిడిపి అయిన సందర్భాలు బోలెడు.

ఆ తరువాతి మెట్టు మాత్రం అలాంటిది కాదు. సిడిపిగా పదేళ్లు, పదిహేనేళ్లు ఉండిపోయినవాళ్లు ప్రతి పెద్ద వంటగదిలోనూ కనిపిస్తారు. వాళ్లకు వంట రాక కాదు.

## కొరమీను లెక్క: సిడిపికీ సూ షెఫ్‌కీ తేడా

హైదరాబాద్ హోటళ్లలో అపోలో ఫిష్ లేని మెనూ అరుదు. దాన్నే తీసుకుందాం. అంకెలు సౌలభ్యం కోసం నేను వేసుకున్నవి, లెక్క పద్ధతి మాత్రం అసలైనదే.

కొరమీను కిలో 400 రూపాయలకు వచ్చింది. పది కిలోలు కొన్నారు, 4,000 అయింది. తల, ముళ్లు, తోలు, పొట్టలోది తీసేసి ముక్కలు కోస్తే మిగిలింది నాలుగున్నర కిలోలు. అంటే వంటకు పనికొచ్చే చేప కిలో ఖరీదు 400 కాదు, సుమారు 889. ఒక ప్లేటుకు 180 గ్రాముల ముక్కలు వెళ్తాయి కాబట్టి ప్లేటులో చేప ఖరీదు 160. పిండి, గుడ్డు, పెరుగు, నూనె, కరివేపాకు, సాస్ అన్నీ కలిపి 40 వేసుకుంటే మొత్తం 200. మెనూలో ధర 650 పెడితే ఫుడ్ కాస్ట్, అంటే ధరలో సరుకు ఖర్చు వాటా, 31 శాతం.

ఇప్పుడు కొన్న ధర మీదే లెక్క వేసిన సిడిపిని చూడండి. 180 గ్రాములకు 72 రూపాయలు, పైఖర్చు 40, మొత్తం 112. ఫుడ్ కాస్ట్ 17 శాతమే అని రాసి సంతోషపడతాడు. ప్లేటుకు 88 రూపాయలు కాగితం మీద కనపడకుండా పోయాయి. నెలకు 600 ప్లేట్లు అమ్మితే అది 52,800. నెలాఖరున అకౌంట్స్ విభాగం స్టోర్ లెక్కతో పోల్చినప్పుడు తేడా బయటపడుతుంది. "దొంగతనం జరిగిందా, ఎక్కువ వడ్డిస్తున్నారా, పారేస్తున్నారా?" అని ప్రశ్నలు మొదలవుతాయి. నిజానికి ఏదీ జరగలేదు. లెక్కే తప్పు.

సూ షెఫ్ రోజూ చేసేది ఈ రకం పని. ఏ సరుకు ఎంత కావాలో రాసే ఇండెంట్ మీద సంతకం, వంటకానికి కొలతలతో రాసిన ప్రామాణిక రెసిపీ, డ్యూటీ రోస్టర్, రేపటి బాంకెట్‌కు ఎంతమంది వస్తారన్న అంచనా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఫ్రిజ్ ఉష్ణోగ్రతల రిజిస్టరు. పొయ్యి దగ్గర గడిపే సమయం తగ్గుతుంది, కంప్యూటర్ ముందు గడిపేది పెరుగుతుంది. ఈమెయిల్‌కు ఇంగ్లీషులో జవాబు రాయాలి. చెయ్యి తిరిగిన వంటవాడికి ఇది నచ్చకపోవచ్చు. నచ్చినా ఎవరూ నేర్పకపోవచ్చు. ఆగిపోయేది ఇక్కడే.

ఎవరు దాటగలరో ముందే పసిగట్టడానికి సీనియర్ షెఫ్‌లకు ఒక గుర్తు ఉంది. కమీగా ఉన్నప్పుడే చెత్తబుట్టలోకి చూసేవాడు దాటుతాడు. ఏం పారేస్తున్నామో గమనించేవాడికి ఖరీదు గురించి విడిగా చెప్పనక్కర్లేదు.

## ఫ్రంట్ డెస్క్: నైట్ ఆడిట్ నేర్పే చదువు

గదుల వైపు నిచ్చెన పొట్టిది. డెస్క్ దగ్గర నిలబడేవాళ్లను చాలాచోట్ల జీఎస్‌ఏ అంటారు, గెస్ట్ సర్వీస్ అసోసియేట్. ఆపైన సీనియర్ జీఎస్‌ఏ లేదా సూపర్‌వైజర్. తరువాత డ్యూటీ మేనేజర్. ఆపైన ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్. పెద్ద హోటళ్లలో హౌస్‌కీపింగ్‌ను కూడా కలిపి చూసే రూమ్స్ డివిజన్ మేనేజర్ ఉంటాడు. డిగ్రీతో చేరినవాళ్లు నాలుగైదేళ్లలో డ్యూటీ మేనేజర్, పదేళ్ల లోపు ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ కావడం మామూలే.

డెస్క్ ఉద్యోగమంటే నవ్వుతూ తాళం ఇవ్వడమని బయటివాళ్లు అనుకుంటారు. ఇందులో అసలు చదువు రాత్రి డ్యూటీలో ఉంది. నడిరాత్రి దాటాక నైట్ ఆడిట్ జరుగుతుంది. ఆ రోజు గదుల్లో ఉన్న ప్రతి అతిథి ఖాతాలో గది అద్దె వేయాలి. రెస్టారెంట్, లాండ్రీ, బార్ బిల్లులు సరైన గదికి చేరాయో లేదో చూడాలి. నగదు, కార్డు, యూపీఐ మొత్తాలు బిల్లులతో సరిపోవాలి. ముందురోజు గదిని ఏ రేటుకు ఇచ్చామో, ఎవరు తగ్గించారో సరిచూడాలి. అన్నీ కుదిరాకే సిస్టమ్‌లో తేదీ మారుతుంది. తెల్లారేసరికి జీఎం బల్లమీద ఉండే నివేదిక అక్కడి నుంచే వస్తుంది.

నైట్ షిఫ్ట్ అంటే అందరూ తప్పించుకోవాలని చూస్తారు, అందులో వింతేమీ లేదు. కానీ హోటల్ మొత్తం లెక్క ఒకేచోట కళ్లముందు పరుచుకునేది ఆ వేళలోనే. ఆరు నెలలు శ్రద్ధగా నైట్ ఆడిట్ చేసినవాళ్లకు ఏ బిల్లు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో కంఠతా వస్తుంది. ఇంట్లోవాళ్లు రాత్రి డ్యూటీ వద్దంటే అమ్మాయిలకు ఈ అవకాశం తప్పిపోతుంది. తరువాత ప్రమోషన్ సమయంలో ఆ లోటు కనిపిస్తుంది. దీన్ని గుర్తించి రాత్రిపూట ఇంటిదాకా క్యాబ్ ఇచ్చే హోటళ్లు ఉన్నాయి. అన్నీ ఇవ్వవు.

డ్యూటీ మేనేజర్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు మొదటి గట్టి పరీక్ష ఓవర్‌బుకింగ్. 120 గదుల హోటల్ అనుకుందాం. బుక్ చేసుకున్నవాళ్లలో రోజుకు సగటున ఎనిమిది మంది రారు. అందుకని 126 బుకింగులు తీసుకుంటారు. ఎనిమిది మంది రాకపోతే 118 గదులు నిండుతాయి. 120 దగ్గరే ఆపి ఉంటే నిండేవి 112. తేడా ఆరు గదులు, గది 5,000 చొప్పున 30,000 రూపాయలు. ఒక రాత్రి మాత్రం ముగ్గురే రాలేదు. 123 మంది వచ్చారు, గదులు 120. చివర వచ్చిన ముగ్గురికి దగ్గర్లోని అదే స్థాయి హోటల్లో గది ఇప్పించి, టాక్సీ కట్టి పంపాలి. దీన్ని 'వాక్ చేయడం' అంటారు. గదికి 5,500, టాక్సీకి 500 వేసుకుంటే ముగ్గురికీ 18,000.

కాగితం మీద చూస్తే ఓవర్‌బుకింగ్ లాభమే. కానీ రాత్రి పదకొండున్నరకు చంటిపిల్లతో వచ్చిన కుటుంబాన్ని పంపిస్తారా, ఒంటరిగా వచ్చిన ఆఫీసు ఉద్యోగిని పంపిస్తారా, ఏటా నలభై రాత్రులు ఉండే పాత కస్టమర్‌ను పంపిస్తారా? ఎవరిని పంపాలో నాలుగు గంటల ముందే తేల్చుకుని, పక్క హోటల్లో గదులు పట్టి ఉంచినవాడు మంచి డ్యూటీ మేనేజర్. అతిథి కౌంటర్ దగ్గరికి వచ్చాక ఆలోచన మొదలుపెట్టేవాడు మరుసటి రోజు ఇంటర్నెట్లో ఒక్క స్టార్ రివ్యూకు సంజాయిషీ రాస్తుంటాడు.

## రేటు తగ్గిస్తే మంచిదా? జీఎం ఆలోచించే తీరు

పై మెట్ల మీద మూడు మాటలు రోజూ వినిపిస్తాయి. మొత్తం గదుల్లో ఎన్ని నిండాయో చెప్పేది ఆక్యుపెన్సీ. నిండిన గదుల సగటు అద్దె ఏడీఆర్. వచ్చిన గది ఆదాయాన్ని నిండినవీ ఖాళీవీ కలిపి మొత్తం గదులతో భాగిస్తే రెవ్‌పార్.

మన 120 గదుల హోటల్లో ఒక రోజు 84 గదులు 5,000 చొప్పున పోయాయి. ఆక్యుపెన్సీ 70 శాతం, ఆదాయం 4,20,000, రెవ్‌పార్ 3,500. సేల్స్ మేనేజర్ వచ్చి రేటు 4,200 చేద్దామంటాడు. చేస్తే 102 గదులు పోయాయనుకుందాం. ఆక్యుపెన్సీ 85 శాతం, ఆదాయం 4,28,400, రెవ్‌పార్ 3,570. ఏడీఆర్ తప్ప మిగతా అంకెలన్నీ పెరిగాయి, సేల్స్ విభాగానికి చప్పట్లు.

అయితే నిండిన ప్రతి గదికీ సబ్బు, దుప్పట్ల ఉతుకు, కరెంటు, అల్పాహారం, బుకింగ్ సైటు కమిషన్ వంటి అదనపు ఖర్చు ఉంటుంది. గదికి 600 వేసుకుంటే, పెరిగిన 18 గదులకు 10,800. ఆదాయం పెరిగింది 8,400 మాత్రమే. అంటే ఇంకో 18 గదులు ఊడ్చి తుడిచి, చివరికి 2,400 నష్టపోయారు.

ఇప్పుడు ఎఫ్ అండ్ బీ మేనేజర్ అడ్డుపడతాడు. "ఆ 18 గదుల్లో పది గదులవాళ్లు రాత్రి మన రెస్టారెంట్లోనే తింటారు. బిల్లుకు ఖర్చులు పోను 400 మిగిలినా 4,000 వస్తుంది, అప్పుడు 1,600 లాభం" అంటాడు. అదీ నిజమే. "ఇవాళ 4,200కు దొరికిందని తెలిసిన కంపెనీవాళ్లు రేపు 5,000 ఇస్తారా?" అని రెవెన్యూ మేనేజర్ అడుగుతాడు. దీనికి ఒకే సరైన జవాబు లేదు. ముగ్గురి మాటా విని ఆ రోజుకు ఒకటి తేల్చడమే జీఎం పని. చిన్న ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడేది తమ విభాగం లాభాన్ని హోటల్ లాభంగా పొరబడటం వల్లనే.

## షెఫ్ జీఎం ఎందుకు కాడు?

అవుతాడు. కానీ తక్కువ. జీఎంలలో ఎక్కువమంది గదుల వైపు నుంచో, ఎఫ్ అండ్ బీ సర్వీస్ నుంచో, సేల్స్ నుంచో వస్తారు. దీనికి రెండు రకాల వివరణలు వినిపిస్తాయి.

యాజమాన్యాల వాదన లాభానికి సంబంధించింది. గది అద్దెలో ఖర్చు పోను మిగిలే వాటా ఎక్కువ, ఆహారంలో తక్కువ. బియ్యం, మాంసం, గ్యాస్, వంటవాళ్ల జీతాలు అన్నీ పోవాలి. ఎక్కువ లాభం ఎక్కడుందో ఆ విషయం తెలిసినవాడినే పైన కూర్చోబెడతామంటారు. పైగా ఎగ్జిక్యూటివ్ షెఫ్ పదిహేనేళ్లు వంటగదిలో ఉంటాడు కాబట్టి అతిథులతో, ట్రావెల్ ఏజెంట్లతో, హోటల్ యజమానితో నేరుగా మాట్లాడిన అనుభవం తక్కువని చెబుతారు.

షెఫ్‌ల వాదన వేరు. పాడైపోయే సరుకుతో, నలభై యాభై మంది సిబ్బందితో, రోజుకు మూడు పూటలు గడువు తప్పకుండా నడిపేవాడి కంటే నిర్వహణ ఎవరికి ఎక్కువ తెలుసు అంటారు. అనుభవం లేదన్నది నిజమైతే, అది ఇవ్వనిది ఎవరని అడుగుతారు. నాకు ఈ ప్రశ్నలో న్యాయం ఉందనిపిస్తుంది. వంటగది నుంచి ఎఫ్ అండ్ బీ మేనేజర్‌గా పక్కకు జరిగి, అక్కడి నుంచి పైకి వెళ్లినవాళ్లు ఉన్నారు. జరగాలనుకున్నవాళ్లు సూ షెఫ్ స్థాయిలోనే జరగాలి. ఎగ్జిక్యూటివ్ షెఫ్ అయ్యాక జీతం ఎక్కువ, పక్క విభాగంలో అంత జీతానికి సరిపడే కుర్చీ దొరకదు.

అందరికీ జీఎం కావాలనీ ఉండదు. ఇంతియాజ్ ఖురేషీ లక్నో వంటశాలల్లో చిన్నతనంలోనే పనిలో చేరి, తరువాత ఐటీసీ హోటళ్లలో దమ్ పుఖ్త్ వంటకాలకు పేరు తెచ్చి, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఎదిగింది వంటలోనే. ఇంకో కొసన మోహన్ సింగ్ ఒబెరాయ్ ఉన్నారు. 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్లో నెలకు 50 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరారు. 1934లో భార్య నగలు, ఉన్న ఆస్తి తాకట్టు పెట్టి క్లార్క్స్ హోటల్ కొన్నారు. ఈ కథను కాలేజీల్లో ఉద్యోగ ఎదుగుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. కానీ ఆయన పైకి వెళ్లింది ప్రమోషన్లతో కాదు, అప్పు చేసి యజమాని కావడంతో.

## డిగ్రీతోనా, చేతిపనితోనా?

నిచ్చెన ఎక్కడానికి కనీసం మూడు చోట్ల దారి ఉంది.

మొదటిది డిగ్రీ. కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలు, అంటే ఐహెచ్‌ఎంలలో మూడేళ్ల బీఎస్సీ హాస్పిటాలిటీ అండ్ హోటల్ అడ్మినిస్ట్రేషన్ ఉంది. ఇంటర్ తరువాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో విద్యానగర్ దగ్గర ఐహెచ్‌ఎం, తిరుపతిలో రాష్ట్ర స్థాయి సంస్థ, గచ్చిబౌలిలో నిథమ్ అనే పర్యాటక, హోటల్ విద్యాసంస్థ ఉన్నాయి. కోర్సు మధ్యలో కొన్ని నెలలు హోటల్లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేయాలి. డిగ్రీ పూర్తయ్యాక చాలామంది చేరేది మళ్లీ కమీగానో జీఎస్‌ఏగానో. అందుకే "చదివి ఏం లాభం?" అన్న నిట్టూర్పు.

రెండోది చేతిపని దారి. పదో తరగతి అర్హతతో ఫుడ్ ప్రొడక్షన్‌లో ఏడాదిన్నర క్రాఫ్ట్ కోర్సు, పర్యాటక శాఖ 'హునర్ సే రోజ్‌గార్ తక్' పేరుతో నడిపిన కొద్ది వారాల ఉచిత శిక్షణ వంటివి. ఖర్చు తక్కువ, సంపాదన రెండేళ్లు ముందే మొదలవుతుంది.

మూడోది మేనేజ్‌మెంట్ ట్రైనీ దారి. డిగ్రీ తరువాత తాజ్, ఒబెరాయ్, ఐటీసీ వంటి గ్రూపులు పోటీ పెట్టి కొద్దిమందిని తీసుకుని, ఏడాదిన్నర రెండేళ్లు అన్ని విభాగాల్లో తిప్పి, నేరుగా అసిస్టెంట్ మేనేజర్ స్థాయిలో వేస్తాయి. ఒబెరాయ్ వాళ్లు 1966 నుంచే దీనికోసం సొంత శిక్షణ కేంద్రం నడుపుతున్నారు. నిచ్చెనలో నాలుగైదు మెట్లు ఒక్కసారి దాటించే దారి ఇదొక్కటే. సీట్లు చాలా తక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. కాకినాడలో ఇద్దరు స్నేహితులు 18 ఏళ్ల వయసులో బయల్దేరారనుకోండి. ఒకరు క్రాఫ్ట్ కోర్సు చేసి ఇరవై ఏళ్లకల్లా కమీ త్రీ అయ్యారు. ఇంకొకరు డిగ్రీ చేసి 21 దాటాక అదే వంటగదిలో కమీ టూగా చేరారు. ఇరవై ఆరో ఏట ఇద్దరూ సిడిపి దగ్గర కలుస్తారు, బహుశా మొదటివారే ఓ ఏడాది ముందుంటారు. అప్పటికి చేతిలో డబ్బు కూడా ఆయన దగ్గరే ఎక్కువ. ముప్పయ్యో ఏట సూ షెఫ్ ఖాళీ వచ్చినప్పుడు ఫుడ్ కాస్ట్, ఇంగ్లీషు ఈమెయిల్, విదేశీ ఉద్యోగాల దరఖాస్తులో అడిగే డిగ్రీ, ఇవి రెండోవారి వైపు తూగుతాయి. డిగ్రీ లాభం మొదటి ఉద్యోగంలో కనపడదు, పదేళ్లకు కనపడుతుందని సమర్థించేవాళ్లు అనేది ఇదే. క్రాఫ్ట్ దారిలో వచ్చినవారు ఈలోగా దూరవిద్యలో డిగ్రీ, ఎక్సెల్, కాస్టింగ్ నేర్చుకుంటే ఆ తేడా చాలావరకు పోతుంది. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చాక పుస్తకం తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అదీ లెక్కలోకి తీసుకోవాలి.

## హోదా పేరు ఒకటి, పని ఒకటి

జిల్లా కేంద్రంలోని ముప్పై గదుల లాడ్జిలో "మేనేజర్" అంటే చాలాసార్లు డెస్క్ దగ్గర కూర్చుని బిల్లు రాసే మనిషే. మూడు వందల గదుల హోటల్లో సూపర్‌వైజర్‌కు అంతకంటే ఎక్కువ బాధ్యత ఉండొచ్చు. చిన్నచోట "ఎగ్జిక్యూటివ్ షెఫ్" అనిపించుకున్న వ్యక్తి పెద్ద గ్రూపుకు వస్తే సిడిపిగా తీసుకోవడం ఈ రంగంలో అవమానం కాదు, రివాజు.

అందుకే ఉద్యోగం మారేటప్పుడు పేరు పక్కన పెట్టి చూడవలసినవి వేరే ఉన్నాయి. మన కింద ఎంతమంది? డ్యూటీ రోస్టర్ వేసేది మనమా, ఇంకొకరా? ఇండెంట్ మీద చివరి సంతకం ఎవరిది? అతిథికి ఎంతవరకు డిస్కౌంట్ ఇవ్వగలం? వీటికి జవాబు "పైవాళ్లను అడగాలి" అయితే, కార్డు మీద ఏం రాసి ఉన్నా అది కింది మెట్టే. కొత్తగా తెరుస్తున్న హోటళ్లలో, వీళ్ల భాషలో ప్రీ ఓపెనింగ్, ఒక మెట్టు పైహోదా దొరకడం మామూలు. అక్కడ రోస్టర్ నుంచి రెసిపీ దాకా అన్నీ మొదటినుంచి తయారు చేయాల్సి వస్తుంది కాబట్టి ఆ హోదా ఉత్త పేరు కాకపోవచ్చు. హోటల్ తెరవడం ఆలస్యమైతే జీతాలు ఎవరిస్తారన్నది మాత్రం ముందే కాగితం మీద ఉండాలి.

## జీతం చీటీలో కనపడే, కనపడని డబ్బు

మొదటి మూడు నాలుగేళ్ల జీతం తక్కువ. అదే వయసులో ఐటీలో చేరిన తోటివాడితో పోల్చుకుంటే నీరసం వస్తుంది. ఇందులో డ్యూటీ భోజనం, యూనిఫాం, కొన్నిచోట్ల వసతి కలిపి చూడాలి. బ్రేక్ షిఫ్ట్ వేస్తే, అంటే ఉదయం కొంతసేపు, సాయంత్రం మళ్లీ కొంతసేపు పని ఇస్తే, చెప్పిన తొమ్మిది గంటల ఉద్యోగం మనిషిని పద్నాలుగు గంటలు పట్టి ఉంచుతుంది. ఇంటర్వ్యూలో జీతం అడిగినట్టే దీన్నీ అడగాలి.

కనపడని భాగం సర్వీస్ ఛార్జీ. బిల్లు మీద పది శాతం దాకా వేసి, సిబ్బందికి పాయింట్ల లెక్కన పంచే పద్ధతి చాలా హోటళ్లలో ఉండేది. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అతిథి ఇష్టపడితే ఇవ్వొచ్చు, బలవంతం లేదు. వినియోగదారుడి వైపు నుంచి ఇది సబబే, మెనూలో లేని ధర బిల్లులో ఎందుకుండాలి? సిబ్బంది వైపు నుంచి చూస్తే నెల ఆదాయంలో ఒక స్థిరమైన ముక్క ఊగిసలాటలో పడింది. వడ్డించేవాడికి అతిథి నేరుగా టిప్ ఇస్తాడు, వంటగదిలో ఉన్న కమీకి ఆ వీలూ లేదు. కాబట్టి ఎవరైనా "సర్వీస్ ఛార్జీతో కలిపి ఇంత" అని జీతం చెబితే, అది లేకుండా ఎంతో విడిగా రాయించుకోవడం మేలు.

## ఓడ మీద ఉద్యోగం: మెట్టా, పక్కదారా?

క్రూయిజ్ ఓడల్లో కాంట్రాక్టు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. తిండి, బస ఉచితం, ఖర్చు లేదు, జీతం డాలర్లలో. ఇంటి అప్పు తీర్చడానికి దీన్ని మించింది లేదంటారు వెళ్లొచ్చినవాళ్లు. కాంట్రాక్టుల మధ్య ఇంట్లో ఉన్న నెలలకు జీతం ఉండదన్నది కూడా కలిపితేనే ఏడాది సంపాదన తేలుతుంది.

ఎదుగుదల విషయంలో అభిప్రాయాలు రెండు. వేలమందికి ఒకేసారి వండే క్రమశిక్షణ, పరిశుభ్రత అక్కడ నేర్చుకున్నట్టు ఇంకెక్కడా నేర్చుకోలేరని ఒక వాదం. ఓడలో ఒక మనిషి నెలల తరబడి ఒకే సెక్షన్లో ఒకే పని చేస్తాడు, తిరిగొచ్చాక హోటల్ ట్రయల్‌లో పదిరకాలు చెయ్యమంటే తడబడతాడని ఇంకో వాదం. సిడిపి స్థాయికి చేరాక వెళ్లినవాళ్లకు మొదటిది, కమీగా ఉండగానే వెళ్లినవాళ్లకు రెండోది ఎక్కువగా వర్తిస్తుంది.

ఏజెంట్ల సంగతిలో మాత్రం అభిప్రాయాలకు తావు లేదు. ఓడ ఉద్యోగాలకు మనుషులను పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. భారత్ అంగీకరించిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఆ ఉద్యోగి నుంచి ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, మెడికల్ సర్టిఫికెట్, నావికుడి గుర్తింపు పుస్తకం వంటి వాటికి అయ్యే ఖర్చు మాత్రమే ఉద్యోగిది. లక్షా రెండు లక్షలు కడితే సీటు ఖాయమన్నవాడి దగ్గర లైసెన్సు నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులోని జాబితాలో ఆ నంబరు ఉందో లేదో, ఉంటే అది అదే కంపెనీ పేరు మీద ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవచ్చు.